16 మందికి లంచ్, లైన్లు ఆగకుండా: ఒక ఫ్లోర్ లీడర్ లెక్క

ప్రశ్న: "మాది హన్మకొండలో చిన్న కాల్ సెంటర్. పగటి షిఫ్టులో ఫోన్ల మీద 16 మంది ఉంటారు. లంచ్ అరగంట. సగం మంది ఒంటిగంటకు, సగం మంది ఒకటిన్నరకు వెళ్తారు. ఆ సమయంలో అరగంటకు 45 కాల్స్ దాకా వస్తాయి, ఒక్కో కాల్ సగటున 4 నిమిషాలు. రోజూ ఆ గంటలోనే కస్టమర్లు విసుగొచ్చి కట్ చేస్తున్నారు, సాయంత్రానికి క్లయింటు మెయిల్. కొత్త మనుషులను ఇవ్వరట. లంచ్ ఎట్లా సర్దాలి?"

ముందు జవాబు చెప్తాను. బ్యాచులు తీసేయండి. 12:30 నుంచి 2:00 దాకా ప్రతి పావుగంటకు ఇద్దరినో ముగ్గురినో పంపండి. ఏ క్షణంలోనూ ఐదుగురికి మించి బయట ఉండకూడదు. మీ 16 మందితోనే ఇది సరిపోతుంది, కొత్తవాళ్లు అక్కర్లేదు.

ఇక ఎందుకో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్తాను. నేను పదకొండేళ్లుగా వరంగల్, హన్మకొండ ఆఫీసుల్లోనే ఉన్నాను. మొదట ఫోన్లు తీశాను, తర్వాత టీం లీడర్, ఇప్పుడు రోస్టర్ వేసే పని. మీరు చేస్తున్న సగం సగం పద్ధతి నేనూ రెండేళ్లు చేశాను.

మీ లెక్కతోనే మొదలుపెడదాం. 45 కాల్స్, ఒక్కోటి 4 నిమిషాలు అంటే 180 నిమిషాల పని. అది 30 నిమిషాల్లో అయిపోవాలి. అంటే ఆరుగురు మనుషులు ఊపిరి తీసుకోకుండా మాట్లాడితే సరిగ్గా సరిపోయే పని. మీ దగ్గర ఎనిమిది మంది మిగులుతున్నారు కాబట్టి ఇద్దరు ఎక్కువే కదా అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది. కానీ కాల్స్ వరసలో నిలబడి ఒకటి తర్వాత ఒకటి రావు. రెండు నిమిషాలు ఏమీ ఉండదు, మూడో నిమిషంలో ఆరు ఒక్కసారే మోగుతాయి. ఈ గుంపుల వల్ల ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఆయన 1917లోనే ఇచ్చాడు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎర్లాంగ్ సి పేరుతో ఆ కాలిక్యులేటర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ అంకెలు అందులో వేస్తే ఇట్లా వస్తుంది:

ఫోన్ల మీద 9 మంది ఉంటే కస్టమర్ సగటున 16 సెకన్లు ఆగుతాడు. 8 మంది ఉంటే 43 సెకన్లు. 7 మంది ఉంటే రెండున్నర నిమిషాలు.

ఒక్క మనిషి తేడాకు ఎంత మారిందో చూడండి. ఆ ఎనిమిది మందిలో ఎప్పుడూ ఒకరు బాత్రూంకో, నీళ్లకో లేచే ఉంటారు, లేదంటే ఎవరి సిస్టమో హ్యాంగ్ అయి ఉంటుంది. కాబట్టి మీరు కాగితం మీద 8 అనుకున్నది నిజంలో 7. ఈ సూత్రంలో కస్టమర్లు కట్ చేసుకుని పోవడం ఉండదు కాబట్టి అసలు ఆగే సమయం కొంచెం తక్కువే ఉంటుంది, కానీ అది మీకు మంచి వార్త కాదు. ఆ తగ్గినదంతా విసిగిపోయి కట్ చేసినవాళ్ల పుణ్యమే.

అయితే ఇంతకంటే పెద్ద గొయ్యి ఇంకోటి ఉంది. అది 1:30 దగ్గర.

మా పాత ఆఫీసు నయీంనగర్‌లో, మూడో అంతస్తు. పాంట్రీలో ఒక ఓవెన్, ఒక సింకు, ఆరుగురు కూర్చునే బల్ల. ఒంటిగంటకు ఎనిమిది మంది బాక్సులు పట్టుకుని ఒక్కసారే పోతారు. పొద్దున ఆరింటికి పరకాల నుంచో నర్సంపేట నుంచో కట్టుకుని వచ్చిన అన్నం, చల్లారి గడ్డ కట్టి ఉంటుంది. ఒక్కో బాక్సు ఓవెన్‌లో రెండు నిమిషాలు. ఎనిమిదో మనిషి వంతు వచ్చేసరికి 14 నిమిషాలు అయిపోతాయి. బల్ల దగ్గర చోటు కోసం ఆగాలి. తిన్నాక సింకు దగ్గర మళ్లీ వరస. పాపం ఎంత గబగబా తిన్నా 1:30కు సీట్లో కూర్చోవడం కుదరదు, 1:38 అవుతుంది. రెండో బ్యాచ్ మాత్రం ఆకలితో గడియారం చూస్తూ సరిగ్గా 1:30కే లేస్తుంది. ఆ ఎనిమిది నిమిషాలు ఫ్లోర్ మీద ఇద్దరో ముగ్గురో ఉంటారు. మీ కాల్స్ లెక్కన నిమిషానికి ఒకటిన్నర వస్తాయి, అంటే ఆ కాస్త వ్యవధిలో డజను కాల్స్. ఆ క్యూ తేరుకోవడానికి రెండింటి దాకా పడుతుంది.

నేను మొదట ఆలస్యంగా వచ్చినవాళ్ల మీద అరిచాను, మెమోలు ఇచ్చాను. ఒకరోజు నేను కూడా బాక్సు పట్టుకుని వాళ్ల వెనక నిలబడితే అర్థమైంది, తప్పు మనుషులది కాదని. పావుగంటకు ముగ్గురు పోతే ఓవెన్ దగ్గర మూడోవాడు ఆగేది నాలుగు నిమిషాలే. లంచ్ విడదీయడంలో నాకు కనిపించిన సగం లాభం ఇక్కడే. రెండో ఓవెన్ కొనమని మేనేజర్‌ను అడగండి, ఇస్తే మంచిదే. కానీ దాని కోసం ఆగొద్దు.

ఇప్పుడు రోస్టర్. మీరు ఒంటిగంట అంకె ఒక్కటే ఇచ్చారు కాబట్టి మిగతా సమయాలకు మా ఫ్లోర్ అంకెలు పెడుతున్నా. మాదీ 16 మందే, 4 నిమిషాల కాలే. మేము పెట్టుకున్న గురి, 100 కాల్స్‌లో 80 కాల్స్ 20 సెకన్లలోపు తీయాలి. దానికి ఫోన్ల మీద కావాల్సినవాళ్లు:

12:30 నుంచి 1:00 దాకా 53 కాల్స్, 10 మంది
1:00 నుంచి 2:00 దాకా అరగంటకు 45 కాల్స్, 9 మంది
2:00 నుంచి 2:30 దాకా 53 కాల్స్, 10 మంది

దీనికి ఎప్పుడూ లేచి ఉండే ఆ ఒక్కరిని కలపండి. 11, 10, 11. పదహారులోంచి తీసేస్తే లంచ్‌కు పంపగలిగేది 5, 6, 5. మేము పంపింది ఇట్లా:

12:30కు ఇద్దరు
12:45కు ఇద్దరు
1:00కు ముగ్గురు
1:15కు ఇద్దరు
1:30కు ముగ్గురు
1:45కు ఇద్దరు
2:00కు ఇద్దరు

కూడి చూడండి, 16. లంచ్ అరగంట కాబట్టి ఏ పావుగంటలోనైనా పక్కపక్క రెండు వరసల వాళ్లు బయట ఉంటారు. 12:45 నుంచి 1:00 దాకా నలుగురు, 1:00 నుంచి 2:00 దాకా ఐదుగురు, తర్వాత మళ్లీ నలుగురు. అంటే ఒంటిగంట తర్వాత సీట్లలో 11 మంది, కావాల్సింది 10. ఆ మిగిలిన ఒక్కరే మీ ఊపిరి. ఎవరైనా ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా, ఎవరికైనా చివరి కాల్ పన్నెండు నిమిషాలు సాగినా, లైన్ పడిపోదు. ఆరుగురిని పంపే చోట ఐదుగురినే ఎందుకు పంపానంటే ఇందుకే. లెక్కలో చోటు ఉంది కదా అని అంచు దాకా నింపొద్దు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫోన్ల మీద మనుషుల సంఖ్య తగ్గకుండా లంచ్ పెట్టడం ఎవరి వల్లా కాదు. తగ్గకూడనిది కాల్ తీసే వేగం. క్లయింటుకు మీ జవాబు కూడా అదే అవ్వాలి.

చివరి కాల్ సంగతి. 1:15కు లంచ్ ఉన్న అమ్మాయికి 1:13కు కాల్ వస్తుంది. అవతల పెద్దాయన బిల్లు మొత్తం చదివి వినిపిస్తాడు. ఆమె 1:22కు లేస్తుంది. మీరు 1:45కే రమ్మంటే ఆమె అరగంటలో ఏడు నిమిషాలు మీరు మింగినట్టే. మూడు రోజులు ఇట్లా జరిగితే నాలుగో రోజు 1:10 నుంచే కాల్ తప్పించుకునే ఉపాయాలు మొదలవుతాయి. రింగ్ అవుతుంటే హెడ్‌సెట్ సర్దుకోవడం, అయిపోయిన కాల్ మీద నోట్స్ రాస్తూ కూర్చోవడం లాంటివి. మా దగ్గర నియమం ఏంటంటే, డయలర్‌లో లంచ్ పాజ్ నొక్కిన క్షణం నుంచి అరగంట. ఎప్పుడు నొక్కితే అప్పటి నుంచి. చాలా డయలర్లలో కాల్ నడుస్తుండగానే పాజ్ ముందే పెట్టుకోవచ్చు, ఆ కాల్ అయిపోగానే ఇంకోటి రాకుండా ఆగిపోతుంది. అది అందరికీ నేర్పించండి. టీ, బాత్రూం, లంచ్ అన్నిటికీ ఒకే పాజ్ వాడుతుంటే మాత్రం ముందు వాటిని విడదీయండి. లేకపోతే ఎవరు ఎందుకు లేచారో సాయంత్రం రిపోర్టులో తెలియదు.

చాలామంది "ఒకరు వచ్చాకే ఇంకొకరు లేవాలి" అనే పద్ధతి పెడతారు. ఒక కార్డు బల్ల మీద పెట్టి, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పోవాలి అన్నట్టు. బాత్రూంకు అది బాగానే పనిచేస్తుంది. లంచ్‌కు వద్దు. ఒక్కొక్కరూ మూడు నిమిషాలు ఆలస్యమైతే ఆ ఆలస్యం కింది వాళ్లకు పేరుకుపోతూ పోతుంది. మేము పెట్టిన వారంలో చివరి ఇద్దరు 2:40కు తిన్నారు, అందులో ఒకామె పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ తిని వచ్చింది. గడియారం ప్రకారమే పంపండి. క్యూలో ఐదారు కాల్స్ పేరుకుంటే మాత్రం, లేవబోయే ఇద్దరిని టీం లీడర్ ఐదు నిమిషాలు ఆపొచ్చు. అంతకు మించి ఆపితే ఆ మాట ఎవరూ వినరు.

భాషల వారీగా విడిగా చూసుకోండి. నేను బాగా దెబ్బ తిన్నది ఇక్కడే. మొత్తం మీద 11 మంది కూర్చున్నారు, అంకెలు బాగున్నాయి, కానీ హిందీ లైన్ మోగి మోగి ఆగిపోతోంది. మాకు హిందీ తీసేవాళ్లు ముగ్గురే. వాళ్లలో ఇద్దరు స్నేహితులు, కలిసి తింటారు. అరగంటకు 9 హిందీ కాల్స్ వచ్చేవి. ముగ్గురుంటే సాఫీగా నడుస్తుంది. ఒకరు లేస్తేనే కస్టమర్ సగటున రెండు నిమిషాలకు పైగా ఆగాలి. ఇద్దరు లేస్తే మిగిలిన ఒక్కడికి అరగంటలో 36 నిమిషాల పని, అది తేలే పనే కాదు. చిన్న గుంపుకు ఒక్క మనిషి విలువ అంత ఎక్కువ. అందుకే ముగ్గురినీ మూడు వేర్వేరు వరసల్లో, మధ్యలో కనీసం అరగంట ఎడంతో పెట్టాం. ఒకరు బయట ఉన్నప్పుడు ఆ లైన్‌లోకి టీం లీడర్ లాగిన్ అయ్యేవాడు. అతను మండీ బజార్‌లో పెరిగినవాడు, ఉర్దూ హిందీ రెండూ ధారాళంగా వచ్చు. టీం లీడర్ తన లంచ్ 2:30కు పెట్టుకోవాలి. అందరికంటే ముందు లేచి, పెద్ద గుంపుతో కలిసి తినే లీడర్ ఉన్న చోట ఏ రోస్టరూ నిలబడదు.

ఎవరు ఏ వరసలో ఉండాలన్నది లెక్క కంటే కష్టమైన పని. నేను మొదట వారానికోసారి అందరినీ తిప్పాను, అదే న్యాయం అనుకుని. పది రోజులకే గొడవ. ఒకాయనకు షుగర్, ఇన్సులిన్ వేసుకుంటాడు. 12:45కు తినే మనిషిని 2:00 వరసలో వేశాను. అతను ఏమీ అనలేదు, ఒకటిన్నరకు కాల్ మధ్యలో చెమటలు పట్టి, మాట తడబడితే పక్కామె చూసి నాకు చెప్పింది. ఆరోజు నుంచి మందులు వేసుకునేవాళ్లు, బాలింతలు, గర్భంతో ఉన్నవాళ్ల వరస స్థిరం, తిప్పేది మిగతావాళ్లనే. వరసలు వేసే ముందు ప్రతి ఒక్కరినీ విడిగా అడగండి. అందరి ముందు అడిగితే ఎవరూ చెప్పరు.

ఇంకోటి, మనవాళ్లు ఒంటరిగా తినరు. కూరలు పంచుకోకపోతే వాళ్లకు అది లంచే కాదు. ఒక్కొక్కరినే పంపితే లెక్క ఇంకా నున్నగా ఉంటుంది, కానీ రెండు రోజుల్లో ఒకరి కోసం ఒకరు ఆగడం మొదలుపెడతారు. అందుకే ఇద్దరు, ముగ్గురు. ఆ జతలను వాళ్లనే ఎంచుకోమన్నాను, ఒకే షరతు, హిందీవాళ్లిద్దరు ఒక జతలో ఉండకూడదు. తర్వాత జత మొత్తాన్ని తిప్పాను. దూరం ఊళ్ల నుంచి తొలి బస్సుకు వచ్చేవాళ్లకు 12:30 బంగారంలాంటి వరస. హన్మకొండలోనే ఉండి తొమ్మిదింటికి టిఫిన్ చేసి వచ్చేవాళ్లు 2:00 వరసకు పెద్దగా బాధపడరు.

శుక్రవారం నమాజుకు వెళ్లేవాళ్లను 1:15 వరసలో పెట్టి, సాయంత్రం టీ పావుగంటను కూడా దీనికే కలిపి 45 నిమిషాలు ఇచ్చేవాళ్లం. వాళ్లు ఇద్దరే కాబట్టి, 1:45 వరసలో ఒకరిని ఆరోజుకు 12:30కు జరిపితే సరిపోయేది. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లు లంచ్ సమయంలో కూర్చోవడానికి వాళ్లే ముందుకొస్తారు, బదులుగా ఇఫ్తార్ వేళకు వదలాలి. కార్తీక సోమవారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లూ అంతే. తినరు కదా అని వాళ్ల బ్రేక్ మాత్రం కోయొద్దు, చెవుల్లోంచి హెడ్‌సెట్ తీసి కళ్లు మూసుకోవడానికైనా అరగంట కావాలి.

లంచ్ గంటల్లో టీ బ్రేక్, ట్రైనింగ్, ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడే ఫీడ్‌బ్యాక్, ఏదీ పెట్టొద్దు. 12:30 నుంచి 2:30 దాకా లేచేది తిండికి, బాత్రూంకే. మేము ఇవన్నీ సర్దుకుని బాగుందనుకున్న మూడో వారంలో ఒక గురువారం మొత్తం కుప్పకూలింది. క్లయింటు హెడ్ ఆఫీసు వాళ్లు వేరే ఊళ్లో కూర్చుని, గడువు గుర్తుచేస్తూ 12:50కు వేల మందికి ఎస్‌ఎంఎస్ వదిలారు. మాకు చెప్పనేలేదు. ఒంటిగంటకు రావాల్సిన 45 కాల్స్ స్థానంలో 80 దాటాయి. దానికి రోస్టర్ మందు కాదు. ఎస్‌ఎంఎస్‌లు పొద్దున 10:30కో, సాయంత్రం నాలుగింటికో పంపమని, ముందు రోజే మాకు చెప్పమని మెయిల్ పెట్టించుకున్నాం. మీ క్లయింటు మెయిల్ పెడుతున్నాడు కదా, జవాబులో ఈ మాట కూడా రాయండి.

రిపోర్టు పావుగంట చొప్పున తీయండి. రోజు సగటు చూస్తే ఏమీ కనిపించదు, పొద్దున్నా సాయంత్రమూ బాగుండి మధ్యాహ్నాన్ని కప్పేస్తాయి. అందులోనూ తీసిన కాల్స్ కాదు, వచ్చిన కాల్స్ చూడాలి. తీసినవే లెక్కపెడితే మీరు తీయలేకపోయిన గంట తక్కువ పని ఉన్న గంటలా కనిపిస్తుంది. ఆ అంకెతో రోస్టర్ వేస్తే అక్కడే ఇంకా ఎక్కువ మందిని లంచ్‌కు పంపుతారు.

దీనికి తిరగేసిన మోసం ఇంకోటుంది. 1:35కు విసుగొచ్చి కట్ చేసినవాడు ఊరుకోడు, 1:50కి, 2:05కు మళ్లీ చేస్తాడు. మీ రిపోర్టులో రెండింటికి పెద్ద గుట్ట కనిపిస్తుంటే అందులో కొంత మీ లంచ్ చేసినదే. ఒకే నంబరు గంటలోపు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కటిగానే లెక్కపెట్టి చూడండి, గుట్ట ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. మా దగ్గర రోస్టర్ మార్చిన రెండు వారాలకు రెండింటి కాల్స్ వాటంతటవే దిగాయి. అప్పుడు 12:30 వరసలో ఇష్టం లేకుండా ఉన్న ఒకతన్ని 2:00కు జరపగలిగాం. అందుకే మొదటి రోస్టర్‌ను రాతి మీద చెక్కకండి, రెండు వారాల రిపోర్టు చూశాక మళ్లీ లెక్క వేయండి.

సోమవారాన్ని మాత్రం విడిగా చూడండి, మా దగ్గర ఆదివారం బాకీ అంతా ఆరోజే వచ్చేది. ఇద్దరు సెలవు పెట్టి 14 మందే వచ్చిన రోజు పై పట్టికలో ముగ్గురున్న చోటల్లా ఒకరిని తగ్గించండి, వరస వదలకుండా 14 సరిపోతుంది. బయట ఉండేది ఎప్పుడూ నలుగురే, సీట్లలో పది మంది. ఒంటిగంట నుంచి రెండింటి దాకా కావాల్సిన 10కి అది సరిగ్గా సరిపోతుంది, మిగులు ఉండదు. 12:45కు, 2:00కు ఆ లేచి ఉండే ఒక్కరి చోటు ఖాళీయే, అక్కడ టీం లీడర్ హెడ్‌సెట్ పెట్టుకోవాలి. 13 మందికి దిగితే ఇక లంచ్ సర్ది లాభం లేదు, ఆ గంట కాల్ బ్యాక్ నంబరు తీసుకునే మెసేజ్ పెట్టి మూడింటి తర్వాత తిరిగి చేయించండి.

మీ పావుగంట రిపోర్టు ఒక వారానిది ఇక్కడ పెడితే, క్లయింటు పేరు తీసేసి, వరసలు నేను వేసి చూపిస్తాను.